మా వీధికి రెండో కరెంటు తీగ ఎందుకు రాదు?

పోయిన వేసవిలో మా మేనల్లుడి పిండిమర ఉన్న వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని స్థానంలో మరొకటి తెచ్చి బిగించేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మర ఆగిపోయింది, నానబెట్టిన పిండి పులిసిపోయింది, పక్కింట్లో ఉన్న ముసలమ్మ గాలి ఆడక రాత్రంతా అరుగు మీదే కూర్చుంది. నాలుగో రోజు వాడు నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మావయ్యా, సిగ్నల్ బాగాలేకపోతే నంబరు మారకుండానే ఇంకో ఫోను కంపెనీకి వెళ్లిపోతున్నాం కదా, కరెంటుకు ఆ వీలు ఎందుకు లేదు?"

నేను విద్యుత్ పంపిణీలో ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. వాడి కోపం న్యాయమైనదే. అయినా ఆ ప్రశ్నకు వాడు ఊహించుకున్న జవాబు, అంటే వీధిలోకి రెండో కంపెనీ రావడం, సరైనది కాదని నా నమ్మకం. ఎందుకు కాదో వాడికి ఫోనులో సగమే చెప్పగలిగాను. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వీధినే లెక్కకు తీసుకుందాం. అందులో అరవై ఇళ్లున్నాయనీ, ఒక్కో ఇంటి మంజూరు లోడు మూడు కిలోవాట్లనీ అనుకుందాం. ఇక్కడ నేను వాడే అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే తప్ప ఏ ఊరి రికార్డులోవీ కావు, కానీ వాటి మధ్య ఉన్న నిష్పత్తి ఏ లైన్‌మన్‌ను అడిగినా ఒప్పుకునేదే. అరవై మూళ్లు నూట ఎనభై కాబట్టి నూట ఎనభై కిలోవాట్లకు సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని కొత్తగా చేరిన ఇంజనీరుకు అనిపిస్తుంది. కానీ ఎవరూ అలా పెట్టరు, ఆ వీధికి వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది, కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి వాడే, కిలోవాట్‌కు దగ్గరి కొలత. ఎందుకంటే ఒక ఇంట్లో గీజరు వేసే వేళకు మరో ఇంట్లో ఇంకా నిద్ర లేవరు, ఒకరు మిక్సీ తిప్పుతుంటే మరొకరు ఇంటికి తాళం వేసి పెళ్లికి వెళ్లి ఉంటారు, మోటారు అందరూ ఒకే నిమిషంలో వేయరు. అరవై ఇళ్లూ కలిసి ఏ క్షణాన చూసినా డెబ్బై కిలోవాట్లకు మించి లాగవు. విడివిడి గరిష్ఠాల మొత్తానికీ, అందరూ కలిసి ఒకే క్షణంలో లాగే గరిష్ఠానికీ ఉన్న ఈ తేడానే మా వృత్తిలో డైవర్సిటీ అంటారు. ఒక తీగ మీద ఎంత ఎక్కువమంది ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది, ఒక్కో ఇంటి వంతుకు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు అంత తగ్గుతుంది.

ఇప్పుడు ఆ వీధిలోకి రెండో కంపెనీ వచ్చి ముప్పై ఇళ్లను తన వైపు తిప్పుకుందనుకుందాం. ఆ ముప్పై ఇళ్లు వీధికి ఒక పక్కనే వరసగా ఉండవు, అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటాయి. కాబట్టి రెండో కంపెనీ కూడా వీధి మొదటి నుంచి చివరి దాకా స్తంభాలు పాతి తీగ లాగాల్సిందే. వినియోగదారులు సగమైనా తీగ పొడవు సగం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ అంతే. ముప్పై ఇళ్ల గుంపులో డైవర్సిటీ కొంత తగ్గుతుంది గనుక వాటి గరిష్ఠ లోడు ముప్పై అయిదు కాక నలభైకి చేరుతుంది, అప్పుడు రెండు కంపెనీలూ చెరొక అరవై మూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో లోడు ఉన్నా లేకపోయినా ఇరవై నాలుగు గంటలూ ఇనుప కోరులో కొంత విద్యుత్తు వేడిగా పోతూనే ఉంటుంది. ఆ నష్టం కూడా ఇకపై ఒక చోట కాక రెండు చోట్ల జరుగుతుంది.

డబ్బుల్లోకి మారిస్తే, ఒకే కంపెనీ ఉన్నప్పుడు తీగకూ స్తంభాలకూ పది లక్షలు, ట్రాన్స్‌ఫార్మర్‌కూ దాని సామగ్రికీ అయిదు లక్షలు అయ్యాయనుకోండి, ఇంటికి ఇరవై అయిదు వేలు పడింది. ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరు కాస్త సన్నని తీగ వాడి తొమ్మిది లక్షలతో సరిపెట్టినా, ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడున్నర లక్షలే పెట్టినా, ఇద్దరికీ కలిపి పాతిక లక్షలు. అదే అరవై ఇళ్ల మీద పంచితే ఇంటికి నలభై ఒక్క వేలు దాటుతుంది. వీధికి అందే కరెంటు మాత్రం ఒక్క యూనిట్ కూడా పెరగలేదు. ఒక సేవను ఒక్కరే అందిస్తే అయ్యే ఖర్చు, దాన్ని ఎంతమంది ఏ విధంగా పంచుకుని అందించినా అయ్యే ఖర్చు కంటే తక్కువగా ఉండటాన్నే అర్థశాస్త్రంలో సహజ గుత్తాధిపత్యం అంటారు. ఇక్కడ 'సహజ' అంటే ప్రభుత్వం చట్టంతో కల్పించినదనీ కాదు, ఒక వ్యాపారి కుట్రతో సాధించినదనీ కాదు, తీగ పొడవూ ట్రాన్స్‌ఫార్మర్ స్వభావమూ కలిసి తెచ్చిపెట్టినదని అర్థం.

నీటి గొట్టాల్లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే, అదే వాలులో అందులో పారే నీరు రెట్టింపు కాదు, సుమారు ఆరు రెట్లవుతుంది. గొట్టానికి పట్టే ఇనుము మాత్రం అంత పెరగదు, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చయితే ఇంచుమించు అంతే ఉంటుంది. ఒక పెద్ద గొట్టం చేసే పనిని ఆరు చిన్న గొట్టాలతో చేయించాలనుకునేవాడు ఆరు సార్లు రోడ్డు తవ్వాలి.

అయినా ఒక నగరం దీన్ని నిజంగానే ప్రయత్నించి చూసింది. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో లండన్‌లో పాత నీటి కంపెనీలకు పోటీగా వెస్ట్ మిడిల్‌సెక్స్, ఈస్ట్ లండన్, గ్రాండ్ జంక్షన్ అనే కొత్త కంపెనీలు పుట్టాయి. పోటీ పెరిగితే నీరు చవకవుతుందన్న ఆశతోనే పార్లమెంటు వాటికి అనుమతులిచ్చింది. నిజంగానే కొన్నేళ్లు చవకయింది. ఒకే వీధిలో రెండు మూడు కంపెనీల గొట్టాలు పక్కపక్కనే పడ్డాయి, ఒకరి వాడుకదారుణ్ని మరొకరు లాక్కోవడానికి ధరలు తగ్గించుకుంటూ పోయారు. ఒకసారి భూమిలో పాతిన గొట్టాన్ని పెకలించి అమ్ముకోలేరు కాబట్టి, నీళ్లు తోడే ఖర్చు గిట్టితే చాలన్నంత కింది ధరకు కూడా ఇద్దరూ దిగగలరు. ఆ ధరకు గొట్టం మీద పెట్టిన పెట్టుబడి మాత్రం ఎవరికీ తిరిగి రాదు. చివరికి 1817 నాటికి థేమ్స్ నదికి ఉత్తరాన ఉన్న కంపెనీలు ఒక ఒప్పందానికి వచ్చి నగరాన్ని వాటాలుగా పంచుకున్నాయి. ఎవరి వాటాలో వారే నీళ్లిస్తారు, మిగతావారు తప్పుకుంటారు. ఆ వెంటనే ధరలు పెరిగాయి. జనం మొర పెట్టుకుంటే 1821లో పార్లమెంటు ఒక కమిటీ వేసి విచారించింది. ఆ శతాబ్దమంతా వాదోపవాదాలు నడిచాక, 1902 నాటి చట్టంతో ఆ కంపెనీలన్నింటినీ తీసుకుని ఒకే ప్రజా సంస్థకు అప్పగించారు.

నాకు ఈ కథలో ముఖ్యంగా కనిపించేది గుత్తాధిపత్యం వచ్చిన దారి. ఎవరూ దాన్ని నగరం నెత్తిన రుద్దలేదు. పోటీ పెట్టినా అదే వచ్చింది, కాకపోతే అనవసరంగా పాతిన గొట్టాల ఖర్చును కూడా వెంట తెచ్చింది, పైగా దాన్ని అదుపు చేసే వ్యవస్థ ఏదీ లేని వేళలో వచ్చింది. ఎలాగూ ఒక్కరే మిగిలే చోట, ఆ ఒక్కరిని ముందే ఎంచుకుని షరతులు పెట్టడమా, లేక కొట్లాడుకుని మిగిలినవాడి దయ మీద బతకడమా అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలోని షికాగోలో విద్యుత్ కంపెనీ నడిపిన శామ్యూల్ ఇన్సల్ 1898లోనే తన తోటి వ్యాపారుల సభలో, మాకు ఒక ప్రాంతం మీద ఏకైక హక్కు ఇవ్వండి, బదులుగా మా ధరలను ప్రభుత్వ సంస్థ నిర్ణయించడానికి ఒప్పుకుందాం అన్న అర్థంలో ప్రతిపాదించాడు. నియంత్రణను వ్యాపారే కోరుకోవడం వింతగా అనిపించవచ్చు గానీ, డైవర్సిటీ విలువ ఆయనకు తెలిసినంతగా ఆ రోజుల్లో మరొకరికి తెలిసి ఉండదు.

మా మేనల్లుడి ఫోను ఉదాహరణకు ఇక్కడ జవాబు చెప్పాలి. సెల్ ఫోనుకు ఇంటింటికీ తీగ అక్కరలేదు. ఒక టవరు కింద మనుషులు పెరిగే కొద్దీ దాని సామర్థ్యం నిండిపోయి ఎలాగూ మరో టవరు వేయాల్సి వస్తుంది, ఆ రెండోది వేరే కంపెనీది అయినంత మాత్రాన పెద్దగా వృథా లేదు. అక్కడ కూడా టవరు అనే ఇనుప కట్టడాన్ని ఇప్పుడు చాలా కంపెనీలు ఉమ్మడిగా అద్దెకు వాడుకుంటున్నాయి. అంటే ఫోనులో కూడా కట్టడం దగ్గరకు వచ్చేసరికి ఒకటే నయమని తేలింది.

ఇంతవరకు చెప్పింది తీగ గురించి. కరెంటు వ్యాపారమంతా తీగ కాదు. బొగ్గు కేంద్రాలు, జల విద్యుత్ కేంద్రాలు, సౌర ఫలకాలు ఎన్నయినా ఎవరైనా పెట్టవచ్చు, వాటి మధ్య పోటీకి తీగకున్నలాంటి అడ్డంకి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత 1999లో విద్యుత్ బోర్డును విడదీసి ఉత్పత్తిని జెన్‌కోకూ, ప్రసారాన్ని ట్రాన్స్‌కోకూ అప్పగించి, ఆ మరుసటి ఏడాది పంపిణీని నాలుగు కంపెనీలుగా, అంటే డిస్కంలుగా, చేయడం వెనక ఉన్న తర్కం ఇదే. ధరలు నిర్ణయించే పని ప్రభుత్వం నుంచి విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లింది. ఇన్ని డిస్కంలున్నాయి కదా, పోటీ ఉంది కదా అని కొందరంటారు. వాటివి వేర్వేరు ప్రాంతాలు, ఒక్కో ప్రాంతంలో తీగ ఒక్కరిదే. పనితీరు పోల్చి చూడటానికి అవి ఉపయోగపడతాయి, వినియోగదారుడికి ఎంపికను ఇవ్వవు.

మరి తీగ ఒక్కరిదే ఉంచి, దాని మీద కరెంటు అమ్మేవాళ్లను మాత్రం ఇద్దరు ముగ్గుర్ని చేస్తే? మా మేనల్లుడి ప్రశ్నకు చదువుకున్నవాళ్లు ఇచ్చే జవాబు ఇది, దీన్ని తేలిగ్గా తీసేయలేం. 2003 నాటి విద్యుత్ చట్టంలో ఒకే ప్రాంతంలో రెండో లైసెన్సుకు వీలుంది, కానీ రెండోవాడు తన సొంత పంపిణీ వ్యవస్థతోనే రావాలని అందులో షరతు పెట్టారు. అంటే రెండో తీగ లాగి తీరాలి. ఈ షరతు వల్లనే దేశంలో ఎక్కువ చోట్ల రెండోవాడు రాలేదు. ముంబై శివార్లలో మాత్రం చరిత్ర వేరుగా నడిచింది, అందుకే ఆ కథను కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

అక్కడ ఇళ్లకు కరెంటిచ్చే కంపెనీ 1929లో మొదలైన బీఎస్‌ఈఎస్. అది తర్వాత రిలయన్స్ చేతికీ, 2018లో అదానీ చేతికీ వెళ్లింది. పశ్చిమ కనుమల్లో జల విద్యుత్తు తయారుచేసి నగరానికి తెచ్చే టాటా కంపెనీ అంతకుముందు నుంచీ ఉంది, అది పెద్ద వాడకందార్లకూ, ఇతర పంపిణీదార్లకూ టోకున అమ్మేది. పాత లైసెన్సు ప్రకారం టాటా చిన్న ఇళ్లకు కూడా అమ్మవచ్చా లేదా అన్న వివాదం కోర్టులకెక్కి, 2008 జులైలో సుప్రీంకోర్టు అమ్మవచ్చని తీర్పునిచ్చింది. టాటాకు ఆ వీధుల్లో తగినన్ని తీగలు లేవు. అప్పుడు మహారాష్ట్ర నియంత్రణ మండలి 2009 అక్టోబరులో ఒక మార్గం చూపింది. వినియోగదారుడు కోరితే, పాత కంపెనీ తీగ మీదే కొత్త కంపెనీ కరెంటు తీసుకోవచ్చు, తీగ వాడుకున్నందుకు పాత కంపెనీకి వీలింగ్ చార్జీ కట్టాలి. అక్కడి వాళ్లు దీన్ని చేంజ్ ఓవర్ అన్నారు. కొత్త కంపెనీ తీగ కూడా వస్తే దాన్ని స్విచ్ ఓవర్ అన్నారు.

అప్పట్లో టాటా ధర తక్కువగా ఉంది, కాబట్టి వినియోగదారులు కదిలారు. అయితే ఎవరు కదిలారన్నదే కీలకం. మన దేశంలో కరెంటు ధరలు అందరికీ ఒక్కటి కావు. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి ఖర్చు కంటే తక్కువ ధర, అయిదు వందలు కాల్చే ఇంటికీ దుకాణానికీ ఫ్యాక్టరీకీ ఖర్చు కంటే ఎక్కువ ధర వేసి, ఆ ఎక్కువలోంచి ఈ తక్కువను పూడుస్తారు. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. కొత్తగా వచ్చే కంపెనీకి ఎక్కువ ధర కట్టే వినియోగదారుడే ఆకర్షణీయంగా కనబడతాడు, అతనికి కొంచెం తగ్గించి ఇచ్చినా లాభమే. అతను వెళ్లిపోతే పాత కంపెనీ దగ్గర తక్కువ ధర కట్టేవాళ్లు మిగులుతారు, వాళ్లను పోషించే డబ్బు ఉండదు, అప్పుడు మిగిలినవాళ్లకే ధర పెంచాలి. పెంచితే ఇంకొందరు వెళ్లిపోతారు. ముంబైలో సరిగ్గా ఈ ఫిర్యాదే మండలి ముందుకు వచ్చింది. వెళ్లిపోయినవాళ్ల మీద సర్‌చార్జీలు వేశారు. 2012లో మండలి, టాటా మంచి వినియోగదారుల్ని ఏరుకుంటోందన్న నిర్ధారణకు వచ్చి, ఇకపై నెలకు మూడు వందల యూనిట్లలోపు వాడేవాళ్లనే తీసుకోవాలని కొంత కాలానికి కట్టడి చేసి, కొన్ని వార్డుల్లో సొంత తీగలు త్వరగా వేయాలని ఆదేశించింది. 2014 నవంబరులో, మండళ్ల ఆదేశాల మీద అప్పీళ్లు వినే విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ మళ్లీ వెనక్కి లాగి, ఇప్పటికే చాలినంత తీగ ఉన్న చోట రెండో తీగ వేయడం వృథా అనీ, ఆ భారం చివరికి వినియోగదారుడి మీదే పడుతుందనీ తేల్చింది. మండలి వేయమన్న తీగను ట్రిబ్యునల్ వద్దన్నది. వీళ్లలో ఎవరూ తెలివితక్కువవారు కాదు. ఒక వీధికి రెండు తీగలు వద్దన్న లెక్కకూ, వినియోగదారుడికి ఎంపిక కావాలన్న కోరికకూ నడుమ చట్టం ఇరుక్కుపోయింది.

ఇదే మన రెండు రాష్ట్రాలకు తెచ్చి చూస్తే నాకు భయం ఎక్కువవుతుంది. ముంబై శివార్లలో వ్యవసాయం లేదు. మనకు 2004 నుంచి ఉచిత వ్యవసాయ విద్యుత్తు ఉంది. దాని భారంలో కొంత ప్రభుత్వ సబ్సిడీ, కొంత పరిశ్రమలూ వ్యాపారాలూ కట్టే ఎక్కువ ధర మోస్తున్నాయి. ఇప్పటికే ఒక మెగావాట్ దాటిన వాడకందార్లు ఓపెన్ యాక్సెస్ కింద బయట కొనుక్కోగలరు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ కడతారు. ఆ వీలును వీధి దుకాణం దాకా దించితే పిండిమర నడిపే మా మేనల్లుడికి మొదటి రెండేళ్లు బిల్లు తగ్గవచ్చు, అది నేను కాదనను. కానీ కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చేది కరెంటు అమ్మే కంపెనీ కాదు, తీగ ఉన్న కంపెనీ. వాడు అమ్మకందారుణ్ని మార్చినా ఆ మూడు రోజుల చీకటి మారదు. వాడి బాధకూ వాడు అడుగుతున్న మందుకూ సంబంధం లేదని నేననేది ఇందుకే.

ఇక నా వాదనలో రెండో భాగం. తీగ ఒక్కరిదే ఉండాలన్న లెక్కను ఒప్పుకున్నవాళ్లు చాలామంది అక్కడితో ఆగిపోతారు, ఆ ఒక్కరు ఏం చేసినా సర్దుకుపోవాలన్నట్టు మాట్లాడతారు. నా సర్వీసులో ఎక్కువ కాలం నా పై అధికారులూ, కొన్నాళ్లు నేనూ, అలాగే ఆలోచించాం. అది తప్పని నాకు తెలిసింది ఒక లెక్క వల్ల.

పోటీ ఉన్న చోట ఖర్చు ఎంతో బయటి వాళ్లకు తెలియకపోయినా ఫర్వాలేదు, ఎక్కువ ఖర్చు చేసేవాడు నష్టపోతాడు. పోటీ లేని చోట నియంత్రణ మండలి ఖర్చును చూసి ధర కట్టాలి. డిస్కం ఏటా రాబోయే ఏడాదికి తనకు ఎంత ఆదాయం కావాలో అంచనా వేసి మండలికి సమర్పిస్తుంది, మండలి బహిరంగ విచారణ జరిపి కొన్నిటిని ఒప్పుకుని కొన్నిటిని కోసేస్తుంది. కోయాలంటే ఏది నిజమైన ఖర్చో, ఏది అసమర్థత వల్ల వచ్చిందో తెలియాలి. ఆ సమాచారమంతా ఉన్నది డిస్కం చేతిలోనే. సహజ గుత్తాధిపత్యం అసలు జబ్బు ఇక్కడ ఉంది.

ఒక పల్లెటూరి పదకొండు కేవీ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు తెచ్చే తీగ, తీసుకోండి. ఒక నెలలో సబ్‌స్టేషన్ మీటరు ప్రకారం దాని మీదికి అయిదు లక్షల యూనిట్లు వెళ్లాయి. ఇళ్లకూ దుకాణాలకూ మీటర్లున్నాయి, వాటి మొత్తం రెండు లక్షలు. మిగిలిన మూడు లక్షలు రెండు చోట్లకు పోయాయి. కొంత వ్యవసాయ మోటార్లకు, కొంత తీగల్లో నష్టం, దొంగ వాడకం రూపంలో. మోటార్లకు మీటర్లు లేకపోతే ఈ మూడు లక్షలను ఎలా విడదీయాలో ఫీడరు చెప్పదు, కాగితం మీద రాసేవాడు చెబుతాడు. రైతులు రెండు లక్షల నలభై వేలు వాడారని రాస్తే నష్టం అరవై వేలు, అంటే పన్నెండు శాతం. రైతులు వాడింది రెండు లక్షలే అయితే నష్టం లక్ష, అంటే ఇరవై శాతం. మొదటి అంకె చూసిన మండలి ఆ అధికారిని మెచ్చుకుంటుంది, రెండో అంకె చూస్తే సంజాయిషీ అడుగుతుంది. పైగా మొదటి లెక్కలో ఆ నలభై వేల యూనిట్లకు సబ్సిడీ కూడా వస్తుంది. నష్టం ఎక్కడికీ పోలేదు, రైతు పేరు పెట్టుకుని కూర్చుంది.

దీన్ని బయటివాడు పట్టుకునే మార్గం ఉంది, అందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఆ ఫీడరు మీద రెండు వందల మోటార్లున్నాయనీ, ఒక్కోటి అయిదు హార్స్ పవర్ అనీ రికార్డు చెబుతోందనుకుందాం. హార్స్ పవర్‌కు 0.746 కిలోవాట్లు లెక్కేస్తే ఒక్కో మోటారు లోడు సుమారు 3.73 కిలోవాట్లు. రోజుకు తొమ్మిది గంటలు త్రీ ఫేజ్ సరఫరా ఇచ్చారు. రెండు వందల మోటార్లూ ఒక్క నిమిషం ఆగకుండా ముప్పై రోజులూ నడిచినా వచ్చేది రెండు లక్షల పద్నాలుగు వందల చిల్లర యూనిట్లు. అలాంటప్పుడు రెండు లక్షల నలభై వేలు ఎలా అయ్యాయి? దీనికి నిజాయితీ గల జవాబులూ ఉండవచ్చు. నీళ్లు లోతుకు పోయాక అయిదు అని రాసి ఉన్న చోట ఏడున్నర హార్స్ పవర్ మోటారు దింపి ఉండవచ్చు, నాలుగైదు సార్లు చుట్టించిన పాత మోటారు రాసినదానికంటే ఎక్కువే లాగుతుంది. కానీ ఆ జవాబు చెప్పాల్సింది డిస్కం, చెప్పించాల్సింది మండలి. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచి వాటికి మీటర్లు పెట్టి, ఆ రీడింగుల నుంచి మొత్తం అంచనా వేసే పద్ధతి ఉంది. అది కూడా ఆ మీటర్లలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్నిటి రీడింగును తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నవి బయటపెట్టినంత వరకే నమ్మదగినది. చెడిన మీటర్ల జాబితాలో ఎప్పుడూ తక్కువ వాడకం చూపిన ట్రాన్స్‌ఫార్మర్లే ఉంటే అనుమానించాలి.

నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఒక పట్టికను చేతులారా తయారుచేశాను. పై నుంచి ఫలానా నష్ట శాతం రావాలని చెప్పారు, నేను వ్యవసాయ గడిలో అంకె మార్చి ఆ శాతం రప్పించాను. ఎవరూ ప్రశ్నించలేదు. ఆ నష్టంలో సగం అధిక భారంతో నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ల వల్లనేనని నాకు అప్పుడు తెలుసు. దాన్ని నష్టంగానే చూపించి ఉంటే కొత్త ట్రాన్స్‌ఫార్మర్లకు డబ్బు అడగడానికి అదే ఆధారమయ్యేది. రైతు ఖాతాలో రాసేయడంతో ఆ ఆధారం పోయింది. తర్వాతి ఎండాకాలం అవే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి. మా మేనల్లుడు ఫోన్ చేసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పట్టికే.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో ఇరవై నాలుగు గంటల్లో, పల్లెల్లో నలభై ఎనిమిది గంటల్లో మార్చాలని మన నియంత్రణ మండలి నిబంధన ఉంది, తప్పితే వినియోగదారుడికి పరిహారం కట్టాలి. పోటీ లేని చోట ఈ పరిహారమే పోటీ చేసే పని చేయాలి. చేయడం లేదు, ఎందుకంటే వినియోగదారుడు అడిగితే తప్ప ఆచరణలో అది రాదు, ఎన్ని గంటలకు కాలింది ఎన్ని గంటలకు మారింది అన్న నమోదు కూడా మార్చాల్సినవాడి చేతిలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు తగిలించి, అది తనంతట తానే కరెంటు పోయిన వేళనూ వచ్చిన వేళనూ పంపేలా చేస్తే, ఆ వేళలను వీధి పేరుతో సహా అందరికీ కనిపించేలా పెడితే, పరిహారం అడగకుండానే తర్వాతి బిల్లులో తగ్గించవచ్చు. దీనికి కావలసిన మీటర్లు ఇప్పుడు దేశమంతటా పెడుతూనే ఉన్నారు. కానీ వాటిని బిల్లు వసూలుకు వాడటం మీద ఉన్న శ్రద్ధ, అవి చెప్పే అంతరాయాల లెక్కను బయటపెట్టడం మీద నాకు కనబడలేదు.

తీగ ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న తగాదాలో నేను ఎక్కువ సేపు నిలబడను. లండన్ ప్రైవేటు నుంచి ప్రజా సంస్థకు వెళ్లింది, ముంబై శివార్లలో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలే నడుపుతున్నాయి, మనకు ప్రభుత్వ డిస్కంలున్నాయి. పైన చెప్పిన ఫీడరు లెక్క ఎవరి చేతిలో ఉన్నా ఒకే విధంగా చెడుతుంది. ప్రభుత్వ సంస్థ అయితే లాభం కోసం కాక, మాట పడకుండా ఉండటానికి అంకె మారుస్తుంది, నేను మార్చినట్టే.

మా మేనల్లుడు పోయిన నెలలో నా దగ్గరకు వచ్చాడు. ఇద్దరం కూర్చుని వాడి వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, దాని కింద ఉన్న సర్వీసులు, వాటి మంజూరు లోడు ఒక కాగితం మీద రాశాం. గత మూడేళ్లలో అది ఎన్నిసార్లు కాలింది, ఒక్కోసారి ఎన్ని గంటలకు మారింది అన్న వివరాలు కావాలని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాం. ఆ జవాబు వచ్చాక దాన్ని జత చేసి, వచ్చే ధరల విచారణలో మండలి ముందు వాడే మాట్లాడాలన్నాను. నువ్వు రావా మావయ్యా అని అడిగాడు. వస్తాను, నేను తయారుచేసిన ఆ పట్టిక సంగతి కూడా అక్కడే చెబుతాను అన్నాను.